వక్తలు 24 మంది, గీత ఒక్కటే: సదస్సు వెబ్‌సైట్‌కి ముఖాల బొమ్మలు గీసే పద్ధతి

విశాఖలో ఒక సదస్సు జరుగుతోందనుకోండి. అంశం సముద్రం, తీరం. వక్తలు 24 మంది. వాళ్లలో యూనివర్సిటీ ప్రొఫెసర్లున్నారు, నేవీలో రిటైరైన అధికారి ఉన్నారు, ఫిషింగ్ హార్బర్‌లో సొంత బోట్లున్న పెద్దాయన ఉన్నారు, మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయి ఉంది. నిర్వాహకులు అందరి ఫొటోలూ ఒక ఫోల్డర్‌లో వేసి మీకు పంపిస్తారు. తెరిచి చూస్తే ఒకటి స్టూడియోలో నీలం తెర ముందు దిగిన పాస్‌పోర్ట్ ఫొటో, ఒకటి కారులో తీసుకున్న సెల్ఫీ, ఒకటి ఎవరి పెళ్లిలోనో దిగిన గ్రూప్ ఫొటోలోంచి కత్తిరించిన ముఖం. ఆర్కే బీచ్‌లో పొద్దున్నే సముద్రానికి వీపు పెట్టి దిగినవి కొన్ని ఉంటాయి. వాటిలో వెనక ఆకాశం వెలిగిపోతుంటుంది, ముఖం మాత్రం నల్లని నీడలా ఉంటుంది.

వీటన్నిటినీ బొమ్మలుగా గీయాలి. ఎవరి పోలిక వాళ్లకి రావాలి, అయినా పేజీ మొత్తం ఒకే చేత్తో గీసినట్టు ఉండాలి. బాగా గీయడం వచ్చినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు, ఎందుకంటే ఒక్కో బొమ్మ విడిగా చూస్తే బాగానే ఉంటుంది, పక్కపక్కన పెడితేనే తేడా బయటపడుతుంది. ఒకరి తల పెద్దది, ఒకరి గీత లావు, ఒకరి ముఖం మీద వెలుగు కుడినుంచి, ఇంకొకరికి ఎడమనుంచి. ఈ తేడాలు గీసేటప్పుడు చేయి పొరపాటుతో వచ్చేవి తక్కువ. ముందుగా తేల్చుకోని కొలతల వల్ల వచ్చేవే ఎక్కువ. కాబట్టి కింద చెప్పే పనిలో సగం, మొదటి ముఖం గీయకముందే చేసేది.

నేను క్రిటాలో గీస్తాను, అది ఉచితం. పొరలు పెట్టుకునే వీలున్న ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఇదే పద్ధతి నడుస్తుంది.

ఫొటోలు అడగడం

వచ్చిన ఫొటోలతోనే సరిపెట్టుకోవద్దు. నిర్వాహకుల చేత వక్తలకి ఇలాంటి చిన్న సందేశం పంపించండి:

"నమస్కారం అండీ. వెబ్‌సైట్‌లో మీ బొమ్మ గీయడానికి రెండు ఫొటోలు కావాలి. ఒకటి, కిటికీ దగ్గరో వరండాలోనో పగటి వెలుతురులో, వేరేవాళ్లు నాలుగైదు అడుగుల దూరం నుంచి తీసినది. రెండోది, మీకు నచ్చిన మీ ఫొటో ఏదైనా. ఫిల్టర్లు, బ్యూటీ మోడ్ వద్దు. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి. బొమ్మలో తప్పకుండా ఉండాల్సినవి, ఉండకూడనివి ఏమైనా ఉంటే రాయండి: కళ్లజోడు, బొట్టు, టోపీ, గడ్డం, ఏదైనా సరే."

ఇందులో ప్రతి మాటకీ కారణం ఉంది. చేయి చాచి తీసుకున్న సెల్ఫీలో కెమెరా ముఖానికి మరీ దగ్గరగా ఉంటుంది. ముక్కు కెమెరాకి దగ్గర, చెవులు దూరం కాబట్టి ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోయి, ముఖం కోలగా కనిపిస్తుంది. దాన్ని చూసి ఉన్నదున్నట్టు గీస్తే ఆ మనిషిలా ఉండదు, ఎందుకు లేదో మీకూ అంతుపట్టదు. నాలుగైదు అడుగుల దూరం నుంచి తీస్తే ఈ వంకర చాలావరకు పోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోయి, కనురెప్పల అంచులు, పెదవి గీత మసకబారతాయి. బ్యూటీ మోడ్ అయితే రంగునీ మార్చేస్తుంది, గడ్డం కొసనీ సన్నం చేసేస్తుంది.

రెండో ఫొటో దేనికంటే, మనిషి తనను తాను ఎలా చూసుకుంటారో అందులో తెలుస్తుంది. పోలిక మొదటి ఫొటోలోంచి తీసుకోండి, ముఖంలో భావం రెండోదాంట్లోంచి. పత్రికలోనో స్టూడియోలోనో తీసిన ఫొటో అయితే, దాన్ని చూసి గీయడానికి తీసినవాళ్ల అనుమతి ఉందో లేదో నిర్వాహకులనే కనుక్కోమనండి.

చట్రం

1200 పిక్సెళ్ల చదరపు కాన్వాస్ తీసుకోండి. వెబ్‌సైట్‌లో బొమ్మ గుండ్రంగా కనిపిస్తుందనుకుందాం. కాన్వాస్‌కి అంచులు తాకేలా ఒక వృత్తం గీసి పైపొరలో పెట్టండి, ఎందుకంటే మూలలు ఎలాగూ తెగిపోతాయి.

తర్వాత రెండు అడ్డగీతలు పెట్టుకోండి. పైనుంచి 520 దగ్గర కళ్ల గీత, 840 దగ్గర గడ్డం గీత. మధ్య దూరం 320. అందరి ముఖాలూ ఈ రెండు గీతల మధ్యే ఇమడాలి. తల ఎత్తుని కొలతగా తీసుకుంటే కుదరదు. ఒకరికి జుట్టు ఒత్తుగా ఉంటుంది, ఒకరికి బట్టతల, ఒకరికి తలపాగా. తల మొత్తం సమానం చేయబోతే ఒత్తు జుట్టున్నవాళ్ల ముఖం చిన్నదైపోతుంది. కళ్ల నుంచి గడ్డం దాకా ఉండే దూరానికి జుట్టుతో సంబంధం లేదు. మామూలుగా కళ్లు తలకి సగం ఎత్తులో ఉంటాయి కాబట్టి, నడినెత్తి సుమారు 200 దగ్గరికి వస్తుంది. దానిపైన జుట్టుకీ తలపాగాకీ చోటు మిగులుతుంది.

గుబురు గడ్డం ఉన్నవాళ్లకి గడ్డం కొస కనిపించదు. వాళ్లకి కళ్ల నుంచి పెదవుల మధ్య గీత దాకా కొలవండి. అది సుమారు మూడింట రెండు వంతులు, అంటే 215 పిక్సెళ్లు.

ఫొటోని ఈ గీతలకి సరిపోయేలా పెంచడం, తగ్గించడం, కొద్దిగా తిప్పడం గీయకముందే చేయండి. ఒకసారి గీసిన తర్వాత బొమ్మ సైజు మార్చకండి. బొమ్మని పది శాతం పెంచితే గీత కూడా పది శాతం లావవుతుంది. పక్కవాళ్ల బొమ్మతో పోల్చితే అది వెంటనే తెలిసిపోతుంది.

గీతకి రెండే మందాలు పెట్టుకోండి: బయటి అంచుకి 10, లోపలి గీతలకి 6. పేజీలో బొమ్మ 240 పిక్సెళ్ల వెడల్పుతో కనిపిస్తే అవి 2, 1.2 అవుతాయి. ఫోన్‌లో 120కి కుదిస్తే 1, 0.6 అవుతాయి. ఇంకా సన్నగా గీసింది ఫోన్‌లో కనిపించదు, కాబట్టి దానిమీద సమయం పెట్టడం దండగ.

ముందు మూడు ముఖాలు

ఎవరితో మొదలుపెట్టాలి? తేలిగ్గా వచ్చే ముఖంతో మొదలుపెడితే శైలి ఆ ముఖానికే అతుక్కుపోతుంది, తర్వాత వచ్చే కష్టమైన ముఖం అందులో ఇమడదు. ఫోల్డర్‌లో ఒకరికొకరు అస్సలు పోలిక లేని ముగ్గురిని ఏరండి. నలుపు మేనిఛాయతో తెల్లజుట్టున్న పెద్దాయన. కళ్లజోడు, ముక్కుపుడక, ఒత్తు జుట్టు ఉన్న అమ్మాయి. గడ్డం ఉండి రంగు తేలిగ్గా ఉన్న మధ్యవయస్కుడు. ఈ ముగ్గురికీ కుదిరిన పద్ధతి మిగతా 21 మందికీ కుదురుతుంది.

ముగ్గురినీ గీస్తూ ఒక కాగితం మీద నియమాలు రాసుకోండి. కంటికి పైరెప్ప గీత, నల్లగుడ్డు, అంతే. కింది రెప్ప వెంట్రుకలు ఎవరికీ వద్దు. ముక్కుకి ఒక పక్క గీత, కింద ఒక నీడ. పళ్లు కనిపిస్తే మొత్తం ఒకే తెల్లని ఆకారం, పన్నుకీ పన్నుకీ మధ్య గీతలు గీయకూడదు. ఆ గీతలు పెడితే ముప్పై ఏళ్లవాళ్లకి కూడా అరవై వచ్చేస్తాయి. ముడతలు ఒక్కో పక్క రెండుకి మించకూడదు. ముక్కు పక్కనుంచి నోటి చివరికి వచ్చే మడతని సగం పొడవే గీయండి, పూర్తిగా గీస్తే ముఖం కోపంగా మారుతుంది. జుట్టు ఒకే ముద్ద, లోపల మూడు నాలుగు పాయల గీతలు. కళ్లజోడుకి ఫ్రేమ్ మాత్రమే, అద్దంలో మెరుపు ఎవరికీ వద్దు.

ఒకరికి కనుబొమల వెంట్రుకలు విడివిడిగా బాగా వచ్చాయని ఆ ఒక్కరికే ఉంచేయాలనిపిస్తుంది. ఉంచకండి. 24 మందికీ చేయగలిగితేనే ఏదైనా చేయాలి.

వెలుగు అందరికీ ఎడమ పైమూల నుంచి. ఫొటోలో వెలుగు కుడినుంచి ఉంటే ఫొటోని అద్దంలోలా తిప్పేయడం సులువైన దారిలా కనిపిస్తుంది. ఆ పని చేయవద్దు. పాపిడి పక్క మారిపోతుంది, పుట్టుమచ్చ అటునుంచి ఇటు వస్తుంది, ముక్కుపుడక రెండో పక్కకి పోతుంది, ఎడమ భుజం మీద ఉండాల్సిన పమిట కుడి భుజం మీదికి వస్తుంది. చొక్కా జేబూ అంతే. ముఖం రెండు సగాలూ ఎవరికీ సమానంగా ఉండవు కాబట్టి తెలిసినవాళ్లకి ఏదో తేడాగా అనిపిస్తుంది కూడా. ఫొటోని అలాగే ఉంచి, నీడని మాత్రం కుడివైపుకి మార్చి గీయండి: ముక్కు కుడి పక్క, కుడి దవడ కింద, మెడ మీద. శైలిలో నీడ ఆకారాలు ఈ మూడే అయితే మార్చడం కష్టం కాదు.

మేనిఛాయ

ఈ పనిలో అన్నిటికన్నా జాగ్రత్తగా చేయాల్సింది ఇది. సాఫ్ట్‌వేర్‌లో డ్రాపర్‌తో ఫొటోలోంచి రంగు తీసుకుని పూయడం చాలామంది చేసే పని. కానీ ఫొటోలో కనిపించేది చర్మం రంగు ఒక్కటే కాదు, దానిమీద పడిన వెలుతురు కూడా. ట్యూబ్‌లైట్ కింద పచ్చదనం వస్తుంది, పసుపు బల్బు కింద ముఖం నారింజకి తిరుగుతుంది. కాబట్టి ముందు అదే ఫొటోలో తెల్లగా ఉండాల్సినదాన్ని వెతకండి, చొక్కా కాలరో, వెనక గోడో. అది పసుపుగా కనిపిస్తే ముఖం రంగులోనూ అంత పసుపు అదనంగా ఉన్నట్టే. తెలుపు తెలుపుగా కనిపించేలా ఫొటోని సరిచేసి, అప్పుడు చెంప మీద ఒక్క చుక్క కాకుండా కాస్త విశాలంగా సగటు రంగు తీసుకోండి.

ఆ రంగుని కూడా నేరుగా పూయకండి. ముందే ఆరు మేనిఛాయలు సిద్ధం చేసుకుని, దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోండి. ఉదాహరణకి తేలికైనది `#C08A63`, మధ్యది `#9C6644`, బాగా నలుపు `#6A412B`. వీటి మధ్య, అటూఇటూ మరో మూడు. అందరికీ ఇదే పెట్టెలోంచి రంగులు తీస్తే పేజీ కలిసి ఉంటుంది, ఎవరి రంగు వాళ్లకీ ఉంటుంది.

నీడ దగ్గర ఒక చిక్కు వస్తుంది. చాలామంది ఒక నీడ పొర పెట్టి దాన్ని మల్టిప్లై మోడ్‌లో అందరికీ ఒకేలా వేస్తారు. ఆ మోడ్ కింది రంగుని ఒక వంతుకి తగ్గిస్తుంది, ముప్పావు వంతుకి అనుకుందాం. పై రంగుల్ని నలుపు తెలుపులోకి మార్చి 0 నుంచి 255 స్కేలు మీద చూస్తే, తేలికైన ఛాయ సుమారు 150, నలుపు ఛాయ సుమారు 75. ముప్పావు చేస్తే 150 కాస్తా 112 అవుతుంది, తేడా 38. 75 కాస్తా 56 అవుతుంది, తేడా 19 మాత్రమే. అంటే ఒకే నీడ వేసినా నలుపు ఛాయ ముఖం మీద సగమే కనిపిస్తుంది. చిన్న సైజులో అసలు కనిపించదు, ముఖం చదునుగా ముద్దలా ఉంటుంది. అప్పుడు గీసేవాళ్లు చేసే పని మేనిఛాయనే రెండు మెట్లు తెల్లగా చేసేయడం. అది పోలికనీ చెడగొడుతుంది, ఆ మనిషినీ నొప్పిస్తుంది.

దారి వేరే ఉంది. నలుపు ఛాయలో ముఖం ఆకారం నీడల కన్నా మెరుపుల వల్ల ఎక్కువ తెలుస్తుంది. ఎండలో నిలబడిన మనిషిని చూడండి, నుదురు, ముక్కు దూలం, చెంప ఎముక మెరుస్తుంటాయి. `#6A412B` ఛాయ మీద నుదుటికి, ముక్కుకి, ఎడమ చెంపకి `#8F5F43` పూస్తే దాని విలువ సుమారు 106, తేడా 31. ఇప్పుడు ముఖం లేచి కనిపిస్తుంది, ఛాయ మారలేదు. కాబట్టి నియమం ఇలా రాసుకోండి: తేలిక ఛాయలకి ఒక అసలు రంగు, ఒక నీడ. నలుపు ఛాయలకి అసలు రంగు, నీడ, మెరుపు. మధ్య ఛాయలకి మెరుపు చిన్నదిగా, ముక్కు మీద మాత్రమే. పేజీలో ఇది తేడాగా కనిపించదు. పైగా అందరి ముఖాలూ సమానంగా లేచి కనిపించేది దీనివల్లే.

వెనక రంగు

విశాఖ సదస్సు కాబట్టి భీమిలి దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బల రంగు వెనక పెడదామని ఎవరైనా అంటారు. ఆలోచన బాగుంటుంది. కానీ ఆ ఎరుపు, `#C4633F` అనుకుంటే, నలుపు తెలుపులో సుమారు 124. మన మధ్య మేనిఛాయ సుమారు 114. రెండూ దాదాపు ఒకటే, పైగా రెండూ వెచ్చని రంగులే. ముఖం వెనక రంగులో కలిసిపోతుంది. ఆ ఎరుపుని పేజీ శీర్షికలకీ బటన్లకీ వాడమని వెబ్‌సైట్ చేసేవాళ్లకి ఇచ్చేయండి, ముఖం వెనక మాత్రం వద్దు.

వెనక రంగుని ఎంచేది జుట్టు. నల్లజుట్టు వాళ్లకి ఇసుక రంగు `#EBD9B4` గానీ, లేత సముద్రపు ఆకుపచ్చ `#A9D0C8` గానీ బాగుంటాయి. తెల్లజుట్టుని ఇసుక రంగు మింగేస్తుంది, ఎందుకంటే రెండిటి విలువా 215 చుట్టూనే. తెల్లజుట్టుతో తేలిక లేదా మధ్య ఛాయ ఉన్నవాళ్లకి ముదురు నీలం `#1F4E5F` పెట్టండి. తెల్లజుట్టు, నలుపు ఛాయ కలిసి ఉంటే ఆ ముదురు నీలం కూడా పనికిరాదు, దాని విలువ 66, ముఖం 75. వాళ్లకి మధ్యరకం ఆకుపచ్చ నీలం `#4F9A9A`. విలువ సుమారు 132 కాబట్టి ముఖానికీ జుట్టుకీ రెండిటికీ దూరంగా ఉంటుంది. నాలుగు రంగులు చాలు. ఆడవాళ్లకి ఒకటి, మగవాళ్లకి ఒకటి, ముఖ్య అతిథికి ఒకటి అని పంచకండి.

ఒక ముఖం, మొదటినుంచి చివరిదాకా

హార్బర్ బోట్ల యజమానిది తీసుకుందాం. వచ్చిన ఫొటోలు రెండు. ఒకటి మిట్టమధ్యాహ్నం జెట్టీ మీద, నెత్తిన టోపీ, కళ్లు రెండూ టోపీ నీడలో. రెండోది వాళ్ల అబ్బాయి ఇంటి వరండాలో సాయంత్రం తీసినది, అందులోనూ టోపీ ఉంది. ఫోన్ చేసి అడిగితే ఆయన మాట స్పష్టంగా చెప్పారు: "టోపీ తీసేయండమ్మా, అది ఎండకి పెట్టుకున్నదే. మీసం మాత్రం అలాగే ఉంచండి. ఇంకో మాట, నన్ను తెల్లగా చేయొద్దు, మా వాళ్లు గుర్తుపట్టరు."

టోపీ తీయమన్నారని జుట్టుని ఊహించి గీయకూడదు. నుదురు ఎక్కడ ఆగుతుంది, జుట్టు ఎక్కడ మొదలవుతుంది అన్నది పోలికలో కళ్ల తర్వాత అంత ముఖ్యం. "అలాగే బాబాయ్ గారూ, టోపీ లేకుండా ఒక్క ఫొటో తీయించి పంపండి" అని అడగాలి. వచ్చింది: రెండు కణతల దగ్గరా జుట్టు బాగా వెనక్కి పోయి, మధ్యలో ముందుకి ఉంది. ఇది ఊహకి అందేది కాదు.

ఇప్పుడు టోపీ లేకుండా వచ్చిన ఆ ఫొటోని చట్రంలో పెట్టండి, కళ్లు 520 మీద, గడ్డం 840 మీద. ఫొటో పొర ఒపాసిటీ 40 శాతానికి తగ్గించి పైన కొత్త పొరలో పెద్ద ఆకారాలు గీయండి: తల, దవడ, జుట్టు అంచు, మీసం. తర్వాత ఫొటోని దాచేసి, స్క్రీన్ మీద పక్కన వేరే విండోలో పెట్టి, చూస్తూ కళ్లూ ముక్కూ నోరూ గీయండి. మొత్తం ఫొటో మీదే గీస్తే గీతలు భయపడుతూ గీసినట్టు వస్తాయి, ప్రతి చిన్న నీడనీ గీత చేసేస్తారు. మొత్తం పక్కన చూసి గీస్తే కొలతలు జారతాయి. సగం అలా, సగం ఇలా చేస్తే రెండు బాధలూ ఉండవు.

పోలిక రాలేదనిపిస్తే కళ్లని దిద్దడం మొదలుపెట్టకండి. ఫొటోని మళ్లీ సగం పారదర్శకంగా తెచ్చి నాలుగు దూరాలు చూడండి: కనుబొమ నుంచి కంటికి, కంటినుంచి ముక్కు కొసకి, ముక్కు కొస నుంచి పైపెదవికి, కింది పెదవి నుంచి గడ్డానికి. తప్పు ఎక్కువగా వీటిలోనే దొరుకుతుంది. మీసం ఉన్నవాళ్లకి ముక్కుకీ పెదవికీ మధ్య దూరం పెంచేయడం మామూలు, ఎందుకంటే మీసం గీయడానికి చోటు కావాలనిపిస్తుంది. నాలుగైదు పిక్సెళ్లు తగ్గిస్తే చాలు, మనిషి వచ్చేస్తారు.

రంగు `#6A412B`, పైన చెప్పిన మెరుపు, వెనక మధ్యరకం ఆకుపచ్చ నీలం. మీసం తెలుపుని జుట్టు తెలుపుతోనే పూయండి, స్వచ్ఛమైన తెలుపు కళ్లకీ పళ్లకీ మాత్రమే. ఆయన బొమ్మకి పళ్లు లేవు, పెదవి చివర్లు కొద్దిగా పైకి.

అందర్నీ గీసే వరుస

ఒక ముఖం పూర్తి చేసి ఇంకో ముఖానికి వెళ్లకండి. అందరికీ గీతలు, తర్వాత అందరికీ అసలు రంగులు, తర్వాత అందరికీ నీడలు, మెరుపులు. గీస్తూ గీస్తూ చేయి మారుతుంది. పదో ముఖానికి వచ్చేసరికి కళ్లు కొంచెం పెద్దవవుతాయి, గీత కొంచెం తేలికపడుతుంది. ఒక్కో ముఖం పూర్తి చేసుకుంటూ పోతే మొదటి ముఖానికీ ఆఖరి ముఖానికీ మధ్య ఆ మార్పంతా పేరుకుంటుంది. విడతలవారీగా చేస్తే ఒక్కో విడత దగ్గరి రోజుల్లోనే అయిపోతుంది. ప్రతి విడతకీ వరుస మార్చండి, ఈసారి చివరివాళ్లతో మొదలుపెట్టండి. గీతల విడత ముగిశాక మొదట గీసిన మూడు ముఖాల గీతల్ని కూడా మళ్లీ గీయాల్సి రావచ్చు. గీయండి, అవి ఇప్పుడు మిగతా వాళ్లలో కలుస్తాయి.

పరీక్ష

ప్రతి విడత చివరా అన్ని బొమ్మల్నీ ఒకే షీటు మీద చూడాలి. బొమ్మల్ని కమాండ్లతో మార్చే ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రామ్ ఉంటే, బొమ్మల PNGలున్న ఫోల్డర్‌లో టెర్మినల్ తెరిచి ఈ రెండు లైన్లు నడిపితే చాలు. రెండోది అదే షీటుని నలుపు తెలుపులోకి మారుస్తుంది.

```
magick montage *.png -tile 6x4 -geometry 200x200+8+8 sheet.jpg
magick sheet.jpg -colorspace Gray sheet-gray.jpg
```

రంగుల షీటుని స్క్రీన్‌కి దూరంగా నిలబడి చూడండి. కన్ను ఎవరి దగ్గర ఆగుతుందో వాళ్ల బొమ్మలో ఏదో నియమం తప్పింది. తల పెద్దదా, గీత లావా, తెలుపు ఎక్కువైందా చూడండి. నలుపు తెలుపు షీటులో ముఖం అంచు వెనక రంగులోకి కరిగిపోయినవాళ్లు తెలుస్తారు. ముఖానికీ నేపథ్యానికీ తేడా 40 కన్నా తక్కువైతే వెనక రంగు మార్చండి, ముఖం రంగు మార్చకండి.

పోలిక పరీక్ష మీరు చేయలేరు, ఫొటోలు చూసి చూసి మీ కళ్లు అలవాటు పడిపోయి ఉంటాయి. పేర్లు లేని షీటుని వక్తల్లో ఎక్కువమందిని ఎరిగిన ఒకరికి, నిర్వాహకుల్లో ఎవరికైనా, చూపించి పేర్లు చెప్పమనండి. "ఈయన ఎవరండీ?" అని అడిగిన ప్రతి ముఖమూ మళ్లీ ఆ నాలుగు దూరాల దగ్గరికి వెళ్తుంది. తర్వాత ఎవరి బొమ్మ వాళ్లకి పంపి ఒప్పుకోలు తీసుకోండి. వాళ్లు "ఇంకొంచెం సన్నగా" అంటే దవడ నీడని కాస్త లోపలికి జరపొచ్చు. కళ్లు పెద్దవి చేయమంటే మాత్రం మర్యాదగా వద్దని చెప్పండి. ఒక్కరికి చేస్తే 23 మంది కళ్లు చిన్నవిగా కనిపిస్తాయి.

అప్పగించడం, ఆలస్యంగా వచ్చేవాళ్లు

ఆఖరి వారంలో ఇంకో వక్త చేరతారు, ఇది ఖాయం. అందుకే చట్రం, మేనిఛాయల పెట్టె, రెండు బ్రష్‌లు, నియమాల కాగితం ఒకే ఫోల్డర్‌లో ఉంచండి. క్రిటాలో ఖాళీ చట్రాన్ని `Create Template From Image` తో దాచుకుంటే ప్రతిసారీ అదే కొలతలతో తెరుచుకుంటుంది. కొత్త ముఖం గీసేటప్పుడు పక్కన తెల్ల కాగితం కాకుండా పాత షీటుని తెరిచి ఉంచుకోండి, చేయి త్వరగా పాత దారిలోకి వస్తుంది.

వెబ్‌సైట్‌కి ఇచ్చే ఫైళ్లు కనిపించే సైజుకి రెండింతలు ఉండాలి, లేకపోతే మంచి ఫోన్ల స్క్రీన్ల మీద గీత మసకగా కనిపిస్తుంది. 240కి 480. ముందు `web` అనే ఫోల్డర్ చేసుకుని ఇది నడపండి:

```
magick mogrify -path web -format webp -resize 480x480 -quality 85 *.png
```

ఫైళ్ల పేర్లు చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టండి. గుండ్రంగా మీరు కత్తిరించకండి, చదరంగానే ఇచ్చి పేజీలో గుండ్రం చేయమనండి. రేపు పోస్టరుకి చదరం కావాలంటే భుజాలు మళ్లీ గీయనక్కర్లేదు. సదస్సు అయిపోయాక వక్తలు పంపిన అసలు ఫొటోలు మీ దగ్గర ఉంచుకోవాల్సిన పనిలేదు, తీసేసి ఆ మాట నిర్వాహకులకి చెప్పండి.